రిఫండ్ వస్తోందన్నారు, లిమిట్ మాత్రం పెరగలేదు: ఒక క్రెడిట్ కార్డు కేసు

బ్యాంకు కార్డుల విభాగంలో కొన్నేళ్లు పనిచేసి బయటికి వచ్చాక, అప్పులు, కార్డుల చిక్కులతో వచ్చేవారికి విజయవాడలో సలహాలు ఇస్తున్నాను. ఈ కేసు 2025 జూన్, జూలై నెలల్లో నడిచింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కలు, తేదీల వరుస మాత్రం జరిగినట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా వాటిలోనే ఉంది.

నేపథ్యం

ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్తకు చిన్న వ్యాపారం ఉంది. కూతురికి ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. ఇంట్లో ఒకటే క్రెడిట్ కార్డు, దాని లిమిట్ 1,20,000 రూపాయలు. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టే అలవాటు ఉన్న మనిషి. వడ్డీ ఎప్పుడూ కట్టలేదని చెప్పారు, స్టేట్‌మెంట్లు చూశాక అది నిజమేనని తేలింది.

ఆ నెలలో కిరాణా, పెట్రోలు, ఒక ఆసుపత్రి బిల్లు కలిపి 15,200 రూపాయలు కార్డు మీద వాడారు. జూన్ 11న అమ్మాయి కోసం 84,990 రూపాయల ల్యాప్‌టాప్‌ను ఒక దుకాణాల సంస్థ యాప్‌లో కొన్నారు. ఆ క్షణమే కార్డులో మిగిలిన లిమిట్ 19,810కి పడిపోయింది. అందులో వింత ఏమీ లేదు. 16న ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చింది, కానీ తెర మీద నిలువుగా ఒక గీత ఉంది. మర్నాడు వెనక్కి ఇస్తామని చెప్పారు, 19న సంస్థ మనిషి వచ్చి తీసుకుపోయాడు. 20వ తేదీ శుక్రవారం ఫోనుకు సందేశం వచ్చింది: మీ రిఫండ్ 84,990 రూపాయలు ప్రారంభించాం.

నా దగ్గరికి వచ్చినప్పటి సమస్య

జూన్ 23, సోమవారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కళాశాల ఫీజు 48,000 రూపాయలు నెలాఖరులోగా కట్టాలి. కార్డు మీద కడదామంటే లిమిట్ ఇంకా 19,810 దగ్గరే ఉంది.

"వస్తువు వాళ్ల దగ్గరికి చేరింది సార్. డబ్బు తిరిగి ఇచ్చేశామని వాళ్లు అంటున్నారు, మాకేమీ రాలేదని బ్యాంకు అంటోంది. మరి మా లిమిట్ ఎక్కడికి పోయినట్టు?" అని ఆవిడ అడిగారు.

దీనికి వెంటనే సరైన జవాబు నేను ఇవ్వలేకపోయాను. ఎందుకు ఇవ్వలేకపోయానో వివరంగా చెప్పాలి.

మొదట ప్రయత్నించింది, ఎందుకు ఫలించలేదు

పెద్ద కొనుగోలు తర్వాత లిమిట్ తగ్గి అలాగే ఉండిపోవడానికి రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కార్డుతో కొన్న క్షణంలో బ్యాంకు నుంచి డబ్బేమీ కదలదు. దుకాణం తరఫున ఒక ప్రశ్న వెళుతుంది: ఈ కార్డులో ఇంత మొత్తానికి చోటు ఉందా? ఉందని బ్యాంకు ఒప్పుకుని, ఆ మేరకు లిమిట్‌ను పక్కన పెడుతుంది. దీన్నే హోల్డ్ అంటాం. అసలు లెక్క ఒకటి రెండు రోజుల తర్వాత, దుకాణం బ్యాంకు ఆ లావాదేవీని సెటిల్‌మెంట్‌కు పంపినప్పుడు వస్తుంది. అప్పుడు హోల్డ్ తొలగిపోయి, దాని స్థానంలో నిజమైన ఖర్చు పద్దు పడుతుంది. కార్డుదారుకు ఈ మార్పు తెలియదు, ఎందుకంటే లిమిట్ అంకె మారదు.

సెటిల్‌మెంట్‌కు ముందే ఆర్డరు రద్దయితే ఖర్చు పద్దు ఎప్పటికీ పడదు. దుకాణం ఆ హోల్డ్‌ను వదిలెయ్యమని చెప్పాలి. చెప్పకపోతే, బ్యాంకు పెట్టుకున్న గడువు తీరేదాకా అది అలాగే ఉంటుంది. సెటిల్‌మెంట్ అయ్యాక వస్తువు తిరిగిచ్చారంటే సంగతి వేరు. అప్పుడు వదలడానికి హోల్డ్ ఏదీ మిగిలి ఉండదు. దుకాణం నుంచి ఎదురు దిశలో కొత్త జమ రావాలి. అది రిఫండ్.

నేను యాప్‌లో లిమిట్ అంకె మాత్రమే చూశాను. కొని పన్నెండు రోజులే అయింది, దుకాణం డబ్బు ఇచ్చేశానంటోంది, బ్యాంకు రాలేదంటోంది. పాత హోల్డ్ ఏదో వదలకుండా ఉండిపోయిందని అనుకున్నాను. నా ఉద్యోగకాలంలో అలాంటివి చాలా చూసి ఉండటం వల్ల మనసు ముందుగా అటే పోయింది. హోల్డ్ తీసెయ్యమని బ్యాంకుకు ఫిర్యాదు రాయించాను. 23న, 24న రెండుసార్లు ఫోను కూడా చేయించాను. 25వ తేదీ సాయంత్రం రాతపూర్వకంగా జవాబు వచ్చింది: ఈ ఖాతాలో హోల్డ్ ఏదీ లేదు, ఈ లావాదేవీ జూన్ 13న సెటిల్ అయింది.

మూడు రోజులు పోయాయి. నెలాఖరుకు ఐదు రోజులే ఉన్న కుటుంబానికి అది చిన్న నష్టం కాదు. మొదటి రోజే స్టేట్‌మెంట్ తెరిచి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది. వారి స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెలా 14. జూన్ 14 స్టేట్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ 84,990 స్పష్టంగా ఖర్చుల వరుసలో ఉంది. స్టేట్‌మెంట్‌లోకి ఎక్కిన మొత్తం హోల్డ్ కాదు. హోల్డ్‌గా ఉన్నది స్టేట్‌మెంట్‌లో ఖర్చుగా కనిపించదు, యాప్‌లో మాత్రం పెండింగ్ అని ఉంటుంది. ఈ ఒక్క తేడాతో దారులు విడిపోతాయి: హోల్డ్ అయితే మన బ్యాంకు వెంటపడాలి, రిఫండ్ అయితే దుకాణం వెంటపడాలి. నేను వాళ్లను బ్యాంకు వెంట తిప్పాను.

ఈలోగా భర్త ఇంకో రెండు మార్గాలు ప్రతిపాదించారు. మొదటిది, రోజుకు 100 రూపాయల పరిహారం అడగడం. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల గురించి ఆయన ఎక్కడో చదివారు. ఆ ఆదేశాలు నిజమే, కానీ అవి విఫలమైన లావాదేవీలకు చెందినవి. కార్డు గీస్తే ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణానికి మాత్రం చెల్లింపు ఖరారు కాకపోతే, ఐదు రోజుల్లోగా తిరిగి జమ చెయ్యాలి, లేకపోతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. ఇక్కడ కొనుగోలు సక్రమంగానే పూర్తయింది, వస్తువు వచ్చింది, తర్వాత వెనక్కి పోయింది. ఆ నిబంధన దీనికి వర్తించదని చెప్పి ఆపాను.

రెండోది, ఈ లావాదేవీ మీద బ్యాంకులో వివాదం నమోదు చెయ్యడం. ఇది నిజంగా ఆలోచించాల్సిన మార్గమే. అయినా అప్పుడే వద్దన్నాను. రిఫండ్ ఇస్తామని దుకాణం రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆ దశలో వివాదం వేస్తే బ్యాంకు తాత్కాలికంగా జమ చెయ్యవచ్చు, మరోవైపు నుంచి రిఫండ్ కూడా రావచ్చు. అప్పుడు ఒక జమను వెనక్కి లాగుతారు. లిమిట్ పెరిగిందనుకుని ఆ మధ్యలో వాడేస్తే, తీసుకునే రోజున లిమిట్ దాటిన పరిస్థితి ఎదురవుతుంది. రిఫండ్ రావడం లేదని రుజువయ్యాకే వివాదం వెయ్యాలనేది నా పద్ధతి.

దారి మార్చాక: రిఫండ్ ఎక్కడుందో వెతకడం

దుకాణం పంపిన సందేశంలోని "ప్రారంభించాం" అనే మాట దగ్గరే అందరూ మోసపోతారు. కొనేటప్పుడు దుకాణం మన బ్యాంకును క్షణంలో అడిగి అనుమతి తీసుకుంటుంది, కాబట్టి లిమిట్ వెంటనే తగ్గుతుంది. రిఫండ్‌కు చాలా చోట్ల అలాంటి తక్షణ సంభాషణ ఉండదు. దుకాణంలో ఎవరో తిరిగొచ్చిన వస్తువును పరీక్షించి ఒప్పుకోవాలి. తర్వాత అది దుకాణం బ్యాంకుకు వెళ్లాలి. ఆ బ్యాంకు దాన్ని కార్డు నెట్‌వర్క్‌కు పంపాలి, అక్కడి నుంచి మన బ్యాంకుకు చేరాలి, మన బ్యాంకు ఖాతాలో పద్దు వెయ్యాలి. ఆఖరి మెట్టు దాకా మన బ్యాంకుకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఏమీ రాలేదని బ్యాంకు అన్నది అబద్ధం కాదు. ఇచ్చేశామని దుకాణం అన్నది మాత్రం మొదటి మెట్టు గురించే.

ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియాలంటే ఏఆర్‌ఎన్ అనే సంఖ్య కావాలి. దుకాణం బ్యాంకు రిఫండ్‌ను నెట్‌వర్క్‌కు పంపేటప్పుడు దానికి పడే 23 అంకెల సంఖ్య అది. ఆ సంఖ్య ఉందంటే రిఫండ్ దుకాణం గడప దాటినట్టు. లేదంటే ఇంకా లోపలే ఉన్నట్టు.

జూన్ 26న ఆవిడ చేత దుకాణానికి మెయిల్ రాయించాను. ఆర్డరు సంఖ్య, మొత్తం, వస్తువు వెనక్కి తీసుకున్న తేదీ వేసి, ఈ రిఫండ్‌కు సంబంధించిన 23 అంకెల ఏఆర్‌ఎన్ ఇవ్వండి అని ఒకే ఒక్క విషయం అడిగాం. ఆ సాయంత్రమే ఒక సంఖ్య వచ్చింది. మర్నాడు బ్యాంకుకు చెబితే, దీంతో ఏమీ దొరకడం లేదన్నారు. దొరకదు, ఎందుకంటే అందులో ఉన్నవి పది అంకెలే. అది దుకాణం తన లోపలి లెక్కకు పెట్టుకున్న రిఫండ్ సంఖ్య. ఆవిడ అంకెలు లెక్కపెట్టకుండా బ్యాంకుకు చదివి వినిపించారు, పంపే ముందు నేనూ చూడలేదు. మళ్లీ రాశాం: ఇది ఏఆర్‌ఎన్ కాదు, మీ చెల్లింపుల విభాగాన్ని అడిగి 23 అంకెల సంఖ్య ఇవ్వండి.

జూన్ 30, సోమవారం ఉదయం అసలు సంఖ్య వచ్చింది. దాన్ని కాగితం మీద రాసి ఆవిడకు చూపించాను. మొదటి అంకె వదిలెయ్యండి. తర్వాతి ఆరు అంకెలు దుకాణం బ్యాంకుకు చెందినవి. ఎనిమిదో అంకె నుంచి పదకొండో అంకె వరకు ఉన్న నాలుగూ తేదీ. మా సంఖ్యలో ఆ నాలుగు అంకెలు 5177. ముందున్న 5 అంటే 2025. 177 అంటే ఆ సంవత్సరంలో 177వ రోజు. జనవరి నుంచి మే చివరికి 151 రోజులు, మిగిలింది 26. అంటే జూన్ 26.

ఆవిడ కాసేపు ఆ కాగితం వైపే చూశారు. "అయితే 20వ తేదీన మాకు సందేశం పంపినప్పుడు వాళ్లు డబ్బు పంపనే లేదు కదా సార్" అన్నారు. అవును, పంపలేదు. ఆరు రోజుల పాటు అది దుకాణం లోపలే ఉంది. మేం రాతపూర్వకంగా అడిగిన రోజునే అది బయటికి కదిలింది.

మరోవైపు: ఫీజు, గడువు తేదీ

రిఫండ్‌ను వెతుకుతున్నంతసేపూ వెనుక రెండు గడియారాలు నడుస్తున్నాయి. ఒకటి ఫీజుది, జూన్ 30. రెండోది కార్డు బిల్లుది, జూలై 4.

ఫీజు సంగతి ముందు తేల్చాం. పొదుపు ఖాతాలో 52,000 ఉన్నాయి. అందులోంచి సుమారు 28,200 కార్డుకు కట్టి, లిమిట్‌ను 48,000కు పెంచుకుని, ఆ తర్వాత ఫీజును కార్డు మీద కడదామని భర్త లెక్క వేశారు. లెక్క సరైనదే: కార్డుకు ఎంత కడితే అంత లిమిట్ తిరిగి వస్తుంది. నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఒకటే. జూలై 4లోగా బిల్లు మొత్తం తీరకపోతే వడ్డీ లేని గడువు రద్దవుతుంది. అప్పుడు కొత్తగా వాడిన 48,000 మీద కూడా వాడిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. రిఫండ్ ఎప్పుడు వస్తుందో తెలియని స్థితిలో కార్డు మీద ఇంకో పెద్ద బరువు వెయ్యకూడదు. జూన్ 28న ఫీజును పొదుపు ఖాతా నుంచి యూపీఐ ద్వారా నేరుగా కట్టేశారు. విషయం తేలేదాకా కార్డు బయటికి తీయవద్దని కూడా చెప్పాను.

బిల్లు సంగతే కష్టం. జూన్ 14 స్టేట్‌మెంట్ ప్రకారం మొత్తం బకాయి 1,00,190. వెనక్కి ఇచ్చిన వస్తువుకు డబ్బెందుకు కట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పద్దు పడని రిఫండ్‌ను బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. గడువు నాటికి అది రాకపోతే, ఆ 84,990 కట్టని బకాయిగానే మిగులుతుంది. వారి కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం. ల్యాప్‌టాప్ మొత్తం మీద రోజుకు సుమారు 98 రూపాయలు, అదీ జూలై 4 నుంచి కాదు, కొన్న జూన్ 11 నుంచే. రిఫండ్ జూలై 8న వచ్చిందనుకుంటే 27 రోజులకు 2,640 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే దాదాపు 3,115.

తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు దొరుకుతుందని భర్త చెప్పారు. నెల వడ్డీ పూర్తిగా ఇచ్చినా 1,700 అవుతుంది. కాబట్టి ఇలా అనుకున్నాం: జూలై 1న జీతం రాగానే తమ సొంత వాడకం 15,200 కట్టెయ్యాలి. రిఫండ్ కోసం జూలై 3 సాయంత్రం వరకు ఎదురుచూడాలి. అప్పటికీ రాకపోతే చేబదులు తెచ్చి 84,990 కట్టాలి. అలా కట్టాక రిఫండ్ వస్తే డబ్బు చిక్కుకుపోతుందన్న భయం అక్కర్లేదు. అప్పట్లో అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు 2022 కార్డు ఆదేశాల ప్రకారం, బిల్లు కట్టేశాక వచ్చిన ఇలాంటి పెద్ద జమను కార్డులోనే ఉంచాలంటే బ్యాంకు ఏడు రోజుల్లోగా కార్డుదారు సమ్మతి అడగాలి. లిమిట్‌లో ఒక శాతం, 5,000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటిన జమలకు ఇది వర్తిస్తుంది. సమ్మతి ఇవ్వకపోతే ఆ డబ్బును కార్డుదారు బ్యాంకు ఖాతాకు పంపాలి.

ఏం ఫలించింది

జూన్ 30న ఏఆర్‌ఎన్‌తో బ్యాంకుకు కొత్తగా ఫిర్యాదు రాశాం. పాత ఫిర్యాదుకు దాన్ని జత చెయ్యలేదు, ఎందుకంటే అది హోల్డ్ గురించినది, మళ్లీ అదే జవాబు వచ్చేది. ఈసారి, ఈ సంఖ్యతో మీకు రావాల్సిన జమ ఏ దశలో ఉంది అని అడిగాం. జూలై 1న వచ్చిందని, పద్దు పడే దశలో ఉందని జవాబు ఇచ్చారు. అదే రోజు 15,200 కట్టడంతో లిమిట్ 35,010 అయింది. జూలై 2 మధ్యాహ్నం 84,990 జమ పడింది, లిమిట్ పూర్తిగా 1,20,000కు తిరిగి వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. 3వ తేదీ ఉదయం ఆవిడ యాప్ తెర చిత్రం పంపారు. పైన అందుబాటులో ఉన్న లిమిట్ 1,20,000. దాని కిందే, జూలై 4లోగా చెల్లించాల్సినది 84,990. కాల్ సెంటర్‌కు ఫోను చేస్తే, రిఫండ్‌ను చెల్లింపుగా లెక్కించం, బిల్లు కట్టాల్సిందే అన్నారు.

ఈ జవాబు చాలామందికి వస్తుంది, చాలామంది భయపడి కట్టేస్తారు. 2022 ఆదేశాల్లో దీనికి సూటిగా నిబంధన ఉంది: గడువు తేదీకి ముందు, ఇంకా కట్టని బిల్లుకు సంబంధించి వచ్చిన రిఫండ్‌ను కట్టాల్సిన మొత్తంలో వెంటనే సర్దుబాటు చేసి, ఆ సంగతి కార్డుదారుకు తెలియజేయాలి. ఆ నిబంధనను ప్రస్తావిస్తూ, సర్దుబాటు జరిగిందని ధ్రువీకరించమని ఫిర్యాదుల విభాగానికి రాశాం. జూలై 4 మధ్యాహ్నం, జూన్ స్టేట్‌మెంట్ బకాయి పూర్తిగా తీరిందని మెయిల్ వచ్చింది. అప్పటిదాకా చేబదులు ఇచ్చే మనిషిని సిద్ధంగానే ఉంచాం. నిబంధన మన వైపు ఉన్నా, సాయంత్రంలోగా జవాబు రాకపోతే కట్టేద్దామనే నిర్ణయంలోనే ఉన్నాం. జూలై 14 స్టేట్‌మెంట్‌లో గత బకాయి 1,00,190, చెల్లింపులు, జమలు 1,00,190, వడ్డీ సున్నా అని ఉంది.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు వచ్చినా లిమిట్ అంకె చూడను. ముందు స్టేట్‌మెంట్ తెరవమంటాను. పెద్ద మొత్తం అందులోకి ఎక్కిందా, యాప్‌లో పెండింగ్‌గా ఉందా అన్నది తేలాకే మిగతా మాట.

దుకాణాన్ని రిఫండ్ ఎప్పుడు వస్తుందని అడగడం మాన్పించాను. ఆ ప్రశ్నకు ఐదు నుంచి ఏడు పనిదినాలు అనే జవాబు తప్ప మరొకటి రాదు, ఆ లెక్క ఏ రోజు నుంచి అన్నది ఎవరూ చెప్పరు. ఏఆర్‌ఎన్ అడగాలి, వచ్చినది 23 అంకెలేనా అని లెక్కపెట్టాలి, లోపలి తేదీ చదవాలి. తేదీ నిన్ననో మొన్ననో అయితే ఆగవచ్చు. తేదీ దాటి పది పనిదినాలైనా బ్యాంకు దొరకడం లేదంటే, ఈమధ్య కార్డు మార్చారా, జమ పాత కార్డు సంఖ్య మీదికి వెళ్లిందా అని రాతపూర్వకంగా అడిగిస్తాను. సంఖ్యే ఇవ్వలేకపోతే రిఫండ్ బయలుదేరలేదన్నమాట. వస్తువు తిరిగిచ్చిన రసీదు, రిఫండ్ ఒప్పుకున్న సందేశం జతచేసి అప్పుడు వివాదం వేయిస్తాను. దానికీ గడువు ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆగనివ్వను. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే cms.rbi.org.in ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అందుకోసం మొదటి ఫిర్యాదు సంఖ్య, తేదీ రాసిపెట్టుకోవాలి. ఫిర్యాదు చేసినట్టు రుజువు లేని ఫోను మాటలు అక్కడ పనికిరావు.